బాదం పాలు గ్రూపు మారాయి, పాత నెలల అంకెలు కూడా మారిపోయాయి. చరిత్రను మళ్ళీ నింపేటప్పుడు ఏ గ్రూపు తీసుకోవాలి?

అలిపిరి_లెక్కలు

మాది తిరుపతి, చిత్తూరు జిల్లాల దుకాణాలకు పానీయాలు, పాల ఉత్పత్తులు, చిరుతిళ్ళు సరఫరా చేసే పంపిణీ సంస్థ. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోని అమ్మకాలు ప్రతి రాత్రి ఒక జాబ్ ద్వారా వేర్‌హౌస్‌లోకి వస్తాయి, గ్రూపుల వారీ నెలసరి రిపోర్టులను అక్కడి నుంచి తీస్తాము. 200 మిల్లీలీటర్ల బాదం పాల సీసా మొదటి నుంచి ‘శీతల పానీయాలు’ గ్రూపులో ఉండేది. 2025 ఆగస్టు 18న యాజమాన్యం దానిని ‘పాల ఉత్పత్తులు’ గ్రూపులో చేర్చింది. ఐటమ్ మాస్టర్‌లో గ్రూపు పేరు మార్చారు, అంతకు మించి ఎవరూ ఏమీ చేయలేదు.

ఇప్పుడు మా మేనేజరు మూడు కాగితాలు పక్కపక్కన పెట్టుకొని కూర్చున్నారు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు శీతల పానీయాల అమ్మకం జూలైలో తీసిన కాగితంలో 105 లక్షలు, ఆగస్టు చివర తీసిన దానిలో 101 లక్షలు, అక్టోబర్‌లో తీసిన దానిలో 88 లక్షలు. అన్ని గ్రూపులూ కలిపిన మొత్తం మాత్రం మూడింటిలోనూ 240 లక్షలే. మొత్తం సరిపోతున్నందువల్ల జాబ్‌లో దోషం లేదని మా వాళ్ళు వాదిస్తున్నారు. ముగిసిపోయిన త్రైమాసికం మూడు రకాలుగా ఎలా కనిపిస్తుంది? జాబ్ ఇది:

```sql
DELETE FROM fact_sales WHERE sale_date >= @from_date;

INSERT INTO fact_sales
       (bill_no, sale_date, product_code, group_name, amount)
SELECT s.bill_no, s.sale_date, s.product_code, p.group_name, s.amount
FROM   sales_src s
JOIN   product_master p ON p.product_code = s.product_code
WHERE  s.sale_date >= @from_date;
```

`@from_date` అంటే రెండు నెలల ముందటి ఒకటవ తేదీ. ఆలస్యంగా వచ్చే బిల్లుల కోసం ఈ నెలను, అంతకు ముందరి రెండు నెలలను రోజూ తుడిచి మళ్ళీ నింపుతాము.

నీవా_ఒడ్డు

బాదం పాలు పానీయమా, పాలా అనే వివాదాన్ని మా అమ్మ ఎప్పుడో తేల్చేసింది. వేడిగా తాగితే పాలు, చల్లగా తాగితే పానీయం. మీ మాస్టర్‌లో ఉష్ణోగ్రతకు ఒక కాలమ్ చేర్చండి.

గాంధీరోడ్డు_హోల్‌సేల్

ఇది జీఎస్టీ మార్పు వల్ల వచ్చిన తేడా అయి ఉంటుంది. పాలు కలిసిన పానీయాల మీద పన్ను 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మా కొట్టులో కూడా ఆ వారమంతా పాత స్టాకు, కొత్త ధర అంటూ గందరగోళమే. మీ అమ్మకం అంకెలలో పన్ను కలిసి ఉందేమో చూసుకోండి.

కాణిపాకం_క్వెరీ

అలిపిరి గారు, ఏప్రిల్, మే, జూన్ నెలలలో ఒక్క బాదం పాల అమ్మకమే ఎంతో విడివిడిగా చెప్పగలరా? అక్టోబర్‌లో మొత్తం చరిత్రను ఎవరైనా మళ్ళీ నింపారా?

అలిపిరి_లెక్కలు

ఏప్రిల్‌లో 6 లక్షలు, మేలో 7, జూన్‌లో 4. అక్టోబర్‌లో నింపిన మాట నిజమే. డిస్కౌంటు పైసలు సరిగా రావడం లేదని మూడేళ్ళ అమ్మకాలనూ తుడిచి మొదటి నుంచి నింపారు.

కాణిపాకం_క్వెరీ

అయితే మూడు కాగితాలకూ లెక్క కుదిరింది. జూలైలో ఆ సీసా ఇంకా పానీయాలలోనే ఉంది కాబట్టి 105 వచ్చింది. ఆగస్టు 18 రాత్రి మీ జాబ్ జూన్ 1 నుంచి ఉన్న వరుసలను తుడిచి, మాస్టర్‌లో ఆ క్షణాన ఉన్న గ్రూపు పేరుతో మళ్ళీ నింపింది. జూన్ నెల 4 లక్షలు పాల గ్రూపుకు వెళ్ళిపోయాయి, ఏప్రిల్, మే వరుసలను ఎవరూ తాకలేదు కాబట్టి అవి పాత పేరుతోనే మిగిలాయి. 105లో 4 తీసేస్తే 101. అక్టోబర్‌లో మొత్తం నింపినప్పుడు మూడు నెలల 17 లక్షలూ కదిలాయి, 88 మిగిలింది.

వీటిలో 101 అన్నింటికంటే ప్రమాదకరమైనది. 105 అమ్మిన నాటి వర్గీకరణ, 88 నేటి వర్గీకరణ. రెండింటికీ ఒక అర్థం ఉంది. 101కి ఏ అర్థమూ లేదు. బాదం పాలు జూన్ 1న గ్రూపు మారినట్టు అది చెబుతుంది, కానీ జూన్ 1న మీ కార్యాలయంలో ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోలేదు. అది కేవలం మీ జాబ్ ఎంత వెనక్కి తుడుస్తుందో చెప్పే తేదీ. జాబ్‌లో రెండు నెలలకు బదులు నాలుగు నెలలు అని రాసి ఉంటే సీసా ఏప్రిల్ 1న మారినట్టు కనిపించేది.

మొత్తం 240 సరిపోవడం ఇక్కడ ఏ రుజువూ కాదు. డబ్బు ఒక గ్రూపు నుంచి ఇంకొక గ్రూపుకు జరిగింది తప్ప ఎక్కడికీ పోలేదు, కాబట్టి మొత్తాన్ని మాత్రమే పోల్చే తనిఖీకి ఈ దోషం ఎన్నటికీ దొరకదు.

గాంధీరోడ్డు గారు చెప్పిన తేదీ, శాతాలు సరైనవే, కానీ ఈ తేడా ఆగస్టులోనే మొదలైంది కాబట్టి దానికి పన్ను కారణం కాదు. పన్ను శాతం బిల్లు మీదనే ముద్రపడి వస్తుంది, దానిని ఎన్నిసార్లు మళ్ళీ నింపినా అదే వస్తుంది. గ్రూపు పేరు బిల్లు మీద ఉండదు, నింపే రోజున మాస్టర్‌ను అడిగి తెచ్చుకుంటున్నారు. చిక్కు అంతా అక్కడే ఉంది.

గాంధీరోడ్డు_హోల్‌సేల్

అలాగైతే గ్రూపు పేరును కూడా బిల్లు వరుసలోనే ముద్రించి పెట్టమని సాఫ్ట్‌వేర్ వాళ్ళకు చెప్పడం తేలిక కదా. పన్నుకు పనికొచ్చిన పద్ధతి గ్రూపుకు ఎందుకు పనికిరాదు?

కాణిపాకం_క్వెరీ

ఇకపై అమ్మే వాటికి పనికొస్తుంది, మంచి ఆలోచన కూడా. కానీ గడిచిన మూడేళ్ళ బిల్లులలో అది లేదు. అంతేకాక, గ్రూపును తప్పుగా నమోదు చేసి తరువాత సరిదిద్దుకున్న సందర్భంలో ప్రతి బిల్లు వరుసనూ దిద్దవలసి వస్తుంది.

పలమనేరు_పాలు

దీనికి ఇంత చర్చ అవసరం లేదు. ప్రోడక్ట్ డైమెన్షన్‌ను టైప్ 2గా మార్చండి. గ్రూపు మారినప్పుడల్లా పాత వరుసను మూసి, కొత్త సరొగేట్ కీతో ఇంకొక వరుస చేర్చండి, కొత్త వరుసకు `is_current = 1` పెట్టండి. ఫ్యాక్ట్ నింపేటప్పుడు ఆ ఒక్క వరుసతో కలిపితే సరిపోతుంది. మా డెయిరీలో చాలా కాలంగా ఇలాగే నడుస్తోంది, పాత అంకె ఒక్కటి కూడా కదలలేదు.

కాణిపాకం_క్వెరీ

పలమనేరు గారి సలహాలో సగం నేను కూడా ఇవ్వబోయేదే. గ్రూపు పేరును ఫ్యాక్ట్ టేబుల్‌లో అతికించకుండా, చెల్లుబాటు తేదీలున్న డైమెన్షన్ వరుసను చూపే కీని మాత్రమే ఫ్యాక్ట్‌లో ఉంచడం సరైన పని. కానీ `is_current = 1`తో కలపడం కొత్త అమ్మకాలకు మాత్రమే సరిపోతుంది. ఈ రోజు అమ్మకాన్ని ఈ రాత్రే నింపి, మళ్ళీ ఎన్నడూ తాకకపోతే, ప్రస్తుత వరుసే అమ్మిన నాటి వరుస కూడా అవుతుంది. మీ డెయిరీలో అంకెలు కదలకపోవడానికి, మీరు చరిత్రను ఎన్నడూ మళ్ళీ నింపకపోవడమే కారణమని నా అనుమానం. నింపిన రోజున ప్రతి పాత బిల్లూ ప్రస్తుత వరుసను పట్టుకుంటుంది. పాత వరుసలన్నీ డైమెన్షన్‌లో భద్రంగానే ఉంటాయి, కానీ వాటిని చూపే అమ్మకం ఒక్కటి కూడా మిగలదు.

కలపవలసింది అమ్మిన తేదీతో:

```sql
SELECT s.bill_no, s.sale_date, d.product_sk, s.amount
FROM   sales_src s
JOIN   dim_product d
  ON   d.product_code = s.product_code
 AND   s.sale_date >= d.valid_from
 AND   s.sale_date <  d.valid_to;
```

ఇలా రాస్తే రెండు నెలలు తుడిచినా, మూడేళ్ళు తుడిచినా, ఎన్నిసార్లు నింపినా ఒక బిల్లుకు ఒకే వరుస దొరుకుతుంది. మీ సీసాకు రెండు వరుసలు ఉంటాయి. పానీయాల వరుస 1900-01-01 నుంచి 2025-08-18 వరకు, పాల వరుస 2025-08-18 నుంచి 9999-12-31 వరకు. ఆగస్టు 17 అమ్మకం మొదటి దానికి, 18 అమ్మకం రెండవ దానికి చెందుతాయి.

పలమనేరు_పాలు

మేము చరిత్రను మళ్ళీ నింపలేదన్న మాట వాస్తవమే. కానీ ఎందుకు నింపాలి? అవసరం లేని పని చేసి, అది చెడిందని బాధపడటం నాకు అర్థం కావడం లేదు.

రేణిగుంట_డేటా

పలమనేరు గారు, నింపకుండా ఉండటం మన చేతిలో ఉండదు. సర్వరు మారుతుంది, మూలంలో పాత బిల్లులు దిద్దుతారు, కొత్త కాలమ్ అడుగుతారు. నేను చేరిన కొద్ది కాలానికే అటువంటి పని వచ్చింది.

కాణిపాకం గారి కోడ్‌లో చివరి వరుసలో ఉన్న `<` గుర్తును ఎవరూ తేలికగా తీసుకోవద్దు. మా దగ్గర దాని స్థానంలో `BETWEEN` రాశారు. అది రెండు చివరి తేదీలనూ కలుపుకుంటుంది కాబట్టి, మార్పు జరిగిన రోజు అమ్మకం పాత వరుసకూ, కొత్త వరుసకూ రెండింటికీ తగిలి రెట్టింపు అయింది. గ్రూపు మారిన సరుకులకు, అదీ మారిన ఒక్క రోజున మాత్రమే అలా జరిగినందువల్ల, ఏడాది మొత్తంలో ఆ తేడా ఎవరి కంటికీ ఆనలేదు. ఒక బిల్లులో ఒకే సరుకుకు రెండు వరుసలు వచ్చాయేమో చూస్తేనే బయటపడింది.

శ్రీకాళహస్తి_స్టాకు

మా అనుభవం దీనికి పూర్తిగా విరుద్ధంగా ఉంది. మేము ఎరువుల డీలర్లకు సరఫరా చేస్తాము. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు మా శ్రీకాళహస్తి, సత్యవేడు డీలర్లు చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు వచ్చారు, గూడూరు వాళ్ళు నెల్లూరు నుంచి వచ్చారు, మదనపల్లె వాళ్ళు అన్నమయ్య జిల్లాకు వెళ్ళారు. మా సాఫ్ట్‌వేర్ కుర్రవాడు ఇక్కడ చెబుతున్నట్టే తేదీలతో డీలర్ టేబుల్‌ను చక్కగా కట్టాడు. ఫలితంగా 2022 ఏప్రిల్ 4కు ముందు తిరుపతి జిల్లాలో మాకు ఒక్క రూపాయి అమ్మకం కూడా లేదు. చిత్తూరు జిల్లాలో అమ్మకాలు ఒక్క రాత్రిలో కూలిపోయాయి. చిత్తూరు చూసే ప్రతినిధిని పిలిచి సంజాయిషీ అడిగేంత వరకు వెళ్ళింది వ్యవహారం. తిరుపతి ఎంత శాతం పెరిగిందని అడిగితే సున్నాతో భాగించలేమని కంప్యూటరు సమాధానం ఇచ్చింది.

చివరకు పాత అమ్మకాలన్నింటినీ కొత్త జిల్లాలలోకి మార్చుకున్నాము. కాబట్టి 88 సరైన అంకె అని నేను అంటాను.

నీవా_ఒడ్డు

చిత్తూరు ప్రతినిధి మీద నాకు అపారమైన సానుభూతి కలుగుతోంది. డీలర్లను ప్రభుత్వం తీసుకుపోయింది, సంజాయిషీ ఆయన రాశారు.

గిరింపేట_ఆడిటర్

శ్రీకాళహస్తి గారి మాటకు లెక్కల శాస్త్రంలో కూడా మద్దతు ఉంది. లిస్టెడ్ కంపెనీలు తమ వ్యాపార విభాగాల కూర్పును మార్చుకున్నప్పుడు వెనకటి కాలపు అంకెలను కూడా కొత్త కూర్పు ప్రకారం తిరిగి చూపాలని ఇండ్ ఏఎస్ 108 చెబుతుంది. సమాచారం దొరకక, దానిని తయారు చేసే ఖర్చు కూడా మితిమీరినప్పుడు మాత్రమే మినహాయింపు. పోల్చడానికి ఒకే కొలత ఉండాలన్నదే దాని ఉద్దేశం. అలిపిరి గారి సంస్థకు అది వర్తించదు, కానీ తర్కం వర్తిస్తుంది.

అలిపిరి_లెక్కలు

మా దగ్గర ఇంకొక చిక్కు ఉంది. పానీయాల ప్రతినిధులకు త్రైమాసిక ప్రోత్సాహకం గ్రూపు అమ్మకాల మీదనే ఇస్తాము. ఏప్రిల్–జూన్ లక్ష్యం 100 లక్షలు. 105 చూసి జూలైలోనే డబ్బు ఇచ్చేశారు. ఇప్పుడు 88 చూసి, లక్ష్యం చేరకుండానే ఇచ్చారని మేనేజరు అంటున్నారు. అదే మేనేజరు వచ్చే ఏప్రిల్‌లో ఈ ఏడాదికీ వచ్చే ఏడాదికీ పాల గ్రూపు వృద్ధి ఎంతని అడుగుతారు, అప్పుడు ఆయనకు రెండేళ్ళలోనూ బాదం పాలు పాల గ్రూపులోనే కావాలి.

కాణిపాకం_క్వెరీ

శ్రీకాళహస్తి గారు అడిగినది వృద్ధి, ప్రోత్సాహకం ఆధారపడేది ఆనాటి ఒప్పందం. ఆ రెండు ప్రశ్నలకు రెండు అంకెలు ఉండటమే న్యాయం. ఒక అంకెను రెండవదాని స్థానంలో వాడినప్పుడే సంజాయిషీలు మొదలవుతాయి. 100 లక్షల లక్ష్యం పెట్టిన రోజున బాదం పాలు కూడా అందులోనే ఉన్నాయి కాబట్టి, ప్రోత్సాహకాన్ని 105తోనే చూడాలి. 88ని దానితో పోల్చాలంటే లక్ష్యం నుంచి కూడా బాదం పాల వాటాను తీసేయాలి.

రెండూ కావాలంటే `dim_product` టేబుల్‌లో రెండు కాలమ్‌లు పెట్టండి. `group_at_sale` ఆ వరుస చెల్లుబాటులో ఉన్న కాలపు గ్రూపు. `group_now` ఆ సరుకు నేటి గ్రూపు. గ్రూపు మారిన రోజున కొత్త వరుస చేర్చడంతో పాటు, ఆ సరుకు పాత వరుసలన్నింటిలోనూ `group_now`ను కొత్త పేరుతో దిద్దాలి. మీ సీసాకు రెండు వరుసలలోనూ `group_now` పాల ఉత్పత్తులే, `group_at_sale` మాత్రం మొదటి వరుసలో పానీయాలు, రెండవ వరుసలో పాలు. ఫ్యాక్ట్ టేబుల్‌ను తాకవలసిన పనే లేదు. 105 మొదటి కాలమ్‌తో, 88 రెండవ కాలమ్‌తో ఎప్పుడడిగినా వస్తాయి, 101 ఎప్పటికీ రాదు.

రిపోర్టు తలకట్టులో ఏ కాలమ్‌తో తీశారో తప్పక ముద్రించండి. ఉత్త ‘గ్రూపు’ అని రాస్తే ఆరు నెలల తరువాత మళ్ళీ ఇదే ప్రశ్న ఇక్కడికే వస్తుంది.

పలమనేరు_పాలు

రెండు కాలమ్‌లు చూపితే మా మేనేజర్లు తమకు అనుకూలమైనదాన్ని ఎంచుకుంటారు. ఒక సంస్థలో ఒక నిజమే ఉండాలి. దీనిలో నేను కాణిపాకం గారితో ఏకీభవించలేను.

గిరింపేట_ఆడిటర్

అది టేబుల్ సమస్య కాదు, మేనేజర్ల సమస్య. అయినా మీ భయం నిరాధారం కాదు. నేను చూసిన ఒక సంస్థలో ప్రోత్సాహకానికి ఏ కాలమ్ వాడాలో పథకం కాగితం మీదనే రాశారు, దానితో ఆ వాదన ఆగిపోయింది.

రేణిగుంట_డేటా

నాదొక సందేహం. గ్రూపు నిజంగా మారలేదు, మొదట నమోదు చేసినవాడు పొరపాటున వేరే గ్రూపు ఎంచాడు, తరువాత దిద్దారు అనుకుందాం. దానికి కూడా కొత్త వరుస చేర్చాలా? మా జాబ్ రెండింటినీ ఒకేలా చూస్తోంది.

కాణిపాకం_క్వెరీ

దిద్దుబాటు అయితే ఉన్న వరుసనే దిద్దాలి, కొత్త వరుస చేర్చకూడదు. లేకపోతే కారపు బూందీ మూడు నెలల పాటు సబ్బుల గ్రూపులో అమ్ముడైనట్టు చరిత్రలో శాశ్వతంగా నిలిచిపోతుంది. కానీ మాస్టర్‌లో మారిన పేరును మాత్రమే చూసే జాబ్‌కు ఇది మార్పా, దిద్దుబాటా అన్నది తెలిసే మార్గం లేదు. ఆ సంగతి మనిషి చెప్పాలి. మేము సరుకుల శాఖ నుంచి ఒక చిన్న షీటు తీసుకుంటాము, అందులో సరుకు కోడ్, కొత్త గ్రూపు, ‘మొదటి నుంచి’ లేదా ఒక తేదీ రాస్తారు. ఆ తేదీ కూడా ముఖ్యమైనదే. నిర్ణయం ఒకటవ తేదీ నుంచి అమలైతే, గుమస్తా 18న టైపు చేశాడని `valid_from`లో 18 రాయకూడదు.

అలిపిరి_లెక్కలు

మా మార్పు 18 నుంచే అని యాజమాన్యం లిఖితపూర్వకంగా చెప్పింది. నిన్న పరీక్షా డేటాబేస్‌లో డైమెన్షన్ కట్టి, మూడేళ్ళూ నింపి చూశాను. ఏప్రిల్–జూన్ మొత్తం 240కి బదులు 229 వచ్చింది. డూప్లికేట్ బిల్లులు లేవు. 11 లక్షలు ఎక్కడికి వెళ్ళాయి?

రేణిగుంట_డేటా

మొదటి వరుసలకు `valid_from` ఎక్కడి నుంచి తెచ్చారు?

అలిపిరి_లెక్కలు

మాస్టర్‌లో ఉన్న `created_on` తేదీ నుంచి తెచ్చాను. సరుకు పుట్టిన తేదీ అదే కదా అనుకున్నాను. బాదం పాలకు మాత్రం కాణిపాకం గారు చెప్పిన 1900 పెట్టాను.

కాణిపాకం_క్వెరీ

ఆ తేదీ సరుకు పుట్టిన రోజు కాదు, ఆ రికార్డును టైపు చేసిన రోజు. జూలైలోనో ఆ తరువాతో కొన్ని సరుకులను తొలగించి అవే కోడ్‌లతో తిరిగి నమోదు చేసి ఉంటారు. వాటి ఏప్రిల్ అమ్మకాలకు తగిన వరుస లేదు కాబట్టి `JOIN` వాటిని నిశ్శబ్దంగా వదిలేసింది. ప్రతి సరుకుకూ మొదటి వరుస 1900-01-01 నుంచే తెరవండి. `JOIN` స్థానంలో `LEFT JOIN` పెట్టి, `product_sk` దొరకని బిల్లులు ఎన్ని ఉన్నాయో లెక్కించి, ఒక్కటి ఉన్నా జాబ్‌ను ఆపేయండి.

ఇంకొక హెచ్చరిక. ఇకపై ఎవరైనా మొత్తం మళ్ళీ నింపాలనుకుంటే ఫ్యాక్ట్ టేబుల్‌ను తుడవవచ్చు, ఎందుకంటే బిల్లులు మూలంలో ఉన్నాయి. `dim_product`ను ఎట్టి పరిస్థితిలోనూ తుడవకూడదు. బాదం పాలు ఒకప్పుడు పానీయాలలో ఉండేవన్న సంగతి మీ బిల్లింగ్ మాస్టర్‌కు ఇప్పుడు తెలియదు, ఈ టేబుల్‌కు మాత్రమే తెలుసు. ‘అన్ని టేబుళ్ళూ ట్రంకేట్ చేసి మళ్ళీ లోడ్ చేద్దాం’ అనే ఆదివారపు ఉత్సాహానికి ఇదే మొదట బలవుతుంది.

అలిపిరి_లెక్కలు

సరిగ్గా అదే జరిగింది. పాత చిరుతిళ్ళ కంపెనీ సరుకులను జూలైలో తొలగించి తిరిగి చేర్చారట. 1900 పెట్టిన తరువాత 240 వచ్చింది, పానీయాలు అమ్మిన నాటి గ్రూపుతో 105, నేటి గ్రూపుతో 88 వచ్చాయి. కానీ ఈ మూడేళ్ళలో గ్రూపు మారినది బాదం పాలు ఒక్కటేనని ఎలా చెప్పగలను? అంతకు ముందు మారినవాటి జాడ అక్టోబర్‌లోనే తుడిచిపెట్టుకుపోయింది.

గిరింపేట_ఆడిటర్

మీది కంపెనీ అయితే, 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి మార్పుకూ తేదీతో ఎడిట్ లాగ్ ఉంచాలన్న నియమం ఉంది. ఆ లాగ్‌లో ఐటమ్ మాస్టర్ మార్పులు కూడా పడుతున్నాయేమో చూడండి, కొన్నింటిలో వోచర్లు మాత్రమే ఉంటాయి. లేకపోతే నెలసరి రిపోర్టుల పీడీఎఫ్‌లు ఉంటాయి కదా. గ్రూపు మొత్తాలను ఇప్పుడు వస్తున్న మొత్తాలతో నెల నెలా పోల్చండి. ఒక గ్రూపులో తగ్గిన మొత్తం ఇంకొక గ్రూపులో అంతే పెరిగితే, అక్కడ ఏదో ఒక సరుకు మారినట్టే.

కాణిపాకం_క్వెరీ

ఆడిటర్ గారు చెప్పిన పోలికను ఒక్కసారితో ఆపకుండా రోజూ నడపండి. ముగిసిన ప్రతి నెలకు నెల, గ్రూపు, మొత్తం ఒక చిన్న టేబుల్‌లో దాచి, ప్రతి రాత్రి నింపిన తరువాత `group_at_sale` మొత్తాలతో పోల్చి, తేడా ఉంటే మెయిల్ పంపండి. ఆగస్టు 18 రాత్రి అది ఉండి ఉంటే జూన్ పానీయాలలో 4 లక్షలు తగ్గాయని మరునాడే తెలిసేది. ఒక మాట గుర్తుంచుకోండి. అక్టోబర్‌కు ముందరి బ్యాకప్‌ను పూర్తిగా నమ్మవద్దు, అందులో జూన్ 101 లెక్కతోనే ఉంటుంది.

అలిపిరి_లెక్కలు

పీడీఎఫ్‌ల పోలికలో 2024 ఫిబ్రవరిలో ఒక నెయ్యి డబ్బా కూడా మారినట్టు తేలింది, దానికి కూడా రెండు వరుసలు కట్టాను. ఇప్పుడు మిగిలింది ఆగస్టు నెల. బాదం పాల అమ్మకం 17 వరకు 2.2 లక్షలు, 18 నుంచి 1.8 లక్షలు రావాలి. కానీ రెండవ భాగం 1.5 మాత్రమే వస్తోంది. వెతికితే, 10న అమ్మి 25న వాపసు వచ్చిన సీసాల క్రెడిట్ నోట్లు 30 వేల రూపాయలకు ఉన్నాయి. అమ్మకం పానీయాలలో, వాపసు పాలలో పడింది.

కాణిపాకం_క్వెరీ

క్రెడిట్ నోటులో అసలు బిల్లు నంబరు ఉంటే, ఆ బిల్లు తేదీతో డైమెన్షన్‌ను కలపండి. అమ్మిన వరుస నుంచే వాపసు తగ్గాలి. వాపసు ఏ నెలలో చూపాలన్నది మాత్రం క్రెడిట్ నోటు తేదీనే నిర్ణయిస్తుంది.

గిరింపేట_ఆడిటర్

నేను దీనికి ఒప్పుకోను. అలా చేస్తే సెప్టెంబర్‌లో బాదం పాలే లేని పానీయాల గ్రూపులో, ఆగస్టు వాపసుల వల్ల బాదం పాలకు మైనస్ అంకె కనిపిస్తుంది. దానిని ఎవరికి వివరిస్తారు? నోటు తేదీతోనే గ్రూపును తీసుకొని, ఆ 30 వేలను ఒక వివరణగా రాసుకోవడం మేలు.

పలమనేరు_పాలు

మా డెయిరీలో వాపసులకు వేరే గ్రూపే ఉంది. ఈ ఒక్క విషయంలో మేము ముందున్నామని అనుకుంటాను.

అలిపిరి_లెక్కలు

మా క్రెడిట్ నోట్లలో సగానికి పైగా అసలు బిల్లు నంబరు లేదు. లైన్‌మన్లు సీసాలు లెక్కపెట్టి తెస్తారు, అవి ఏ బిల్లువో అడగరు. కాబట్టి కాణిపాకం గారి పద్ధతిని కొన్నింటికే వాడగలను, మిగిలినవి నోటు తేదీతో పోతాయి. ఇలా సగం ఒక విధంగా, సగం ఒక విధంగా పోవడం 101 లాంటిదే అవుతుందేమోనని నా భయం. క్రెడిట్ నోటులో బిల్లు నంబరును తప్పనిసరి చేసినవారు ఎవరైనా ఉంటే, లైన్‌మన్ల చేత ఎలా రాయించారో చెప్పగలరా?

శ్రీకాళహస్తి_స్టాకు

మేము బిల్లు నంబరు లేని వాపసును గోడౌనులోకి రానివ్వడం మానేశాము. మొదటి నెల లైన్‌మన్లు నోటికొచ్చిన నంబర్లు రాసి తెచ్చారు. ఆ బిల్లులో ఆ సరుకే లేకపోతే సాఫ్ట్‌వేర్ నోటును తిరస్కరించేలా చేసిన తరువాత చాలా వరకు దారికి వచ్చింది. ఇప్పటికీ ఆదివారాలు తెచ్చేవాటిలో కొన్ని అలాగే వస్తుంటాయి.